పెన్‌డ్రైవ్‌లో, షేర్డ్ ఫోల్డర్‌లో డిలీట్ చేసిన ఫైలు రీసైకిల్ బిన్‌లో ఎందుకు కనిపించదు, దాన్ని ఎలా వెతకాలి

కంప్యూటర్ సొంత డిస్కులోని ఫైలును డిలీట్ చేస్తే అది రీసైకిల్ బిన్‌లోకి వెళుతుందని, కావలసినప్పుడు వెనక్కి తెచ్చుకోవచ్చని అందరికీ తెలుసు. అదే అలవాటుతో పెన్‌డ్రైవ్‌లోని ఫోల్డర్‌నో, ఆఫీసు సర్వర్ మీది ఫైలునో తొలగించి, తరువాత బిన్ తెరిచి చూస్తే అక్కడ ఏమీ ఉండదు. ఈ వ్యాసంలో ప్రధానంగా విండోస్‌లో వాడిన పెన్‌డ్రైవ్ గురించి, ఆ తరువాత నెట్‌వర్క్ షేర్ గురించి వివరిస్తాను. ఈ రెండు చోట్లా ఫైలు బిన్‌లోకి వెళ్లకపోవడానికి కారణాలు వేరు, వెతికే దారులు కూడా వేరు.

బిన్ ఎవరిది?

రీసైకిల్ బిన్ ఒక్కటే ఉన్నట్టు డెస్క్‌టాప్ మీద కనిపిస్తుంది గానీ, నిజానికి ప్రతి డ్రైవ్‌కూ విడిగా `$Recycle.Bin` అనే దాచిన ఫోల్డర్ ఒకటి ఉంటుంది. ఫైలు ఎక్స్‌ప్లోరర్‌లో డిలీట్ నొక్కినప్పుడు ఫైలు చెరిగిపోదు, అదే డ్రైవ్‌లోని ఆ ఫోల్డర్‌లోకి వేరే పేరుతో జరుగుతుంది, అంతే. ఈ ఏర్పాటును విండోస్ తాను స్థిరమైన డిస్కుగా గుర్తించిన డ్రైవ్‌లకే ఇస్తుంది. సాధారణ పెన్‌డ్రైవ్ తనను తాను తీసివేయదగిన పరికరంగా చెప్పుకుంటుంది కనుక దానికి బిన్ ఉండదు. యూఎస్‌బీ తీగతో తగిలించే ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు సాధారణంగా స్థిరమైన డిస్కుగానే కనిపిస్తుంది కనుక దానికి బిన్ ఉంటుంది. పెన్‌డ్రైవ్‌ను ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఫార్మాట్ చేసుకుంటే బిన్ వస్తుందని కొందరు చెబుతుంటారు, కానీ ఇక్కడ లెక్కలోకి వచ్చేది ఫార్మాట్ కాదు, పరికరం రకం.

విండోస్ ఈ తేడాను దాచిపెట్టదు. పెన్‌డ్రైవ్‌లో డిలీట్ నొక్కగానే `Are you sure you want to permanently delete this file?` అని అడుగుతుంది. ఇలాంటి పెట్టెలను రోజూ చూసి చూసి, మనం ఆ `permanently` అన్న మాట చదవకుండానే ఎంటర్ నొక్కేస్తాం. ఇలా పోయిన ఫైలును కంట్రోల్-జెడ్ కూడా తిరిగి తీసుకురాదు.

వెతికే ముందు: అది నిజంగా డిలీట్ అయిందా?

రికవరీ ప్రోగ్రాముల జోలికి వెళ్లే ముందు మూడు సంగతులు తేల్చుకోవాలి. మొదటిది, ఫైలును ఏ యంత్రంలో తొలగించారన్నది. ఉబుంటు వంటి లినక్స్ డెస్క్‌టాప్‌లో తొలగించి ఉంటే, అది పెన్‌డ్రైవ్‌లోనే `.Trash-1000` వంటి పేరున్న దాచిన ఫోల్డర్‌లో భద్రంగా ఉంటుంది. మ్యాక్‌లో తొలగించి ఉంటే `.Trashes` అనే ఫోల్డర్‌లో ఉంటుంది. ఈ రెండు సందర్భాల్లోనూ ఏ రికవరీ ప్రోగ్రామూ అక్కరలేదు, దాచిన ఫోల్డర్లు కనిపించేలా పెట్టుకుని తెరిస్తే సరిపోతుంది.

రెండవది, వైరస్ సంగతి. జిరాక్స్ షాపులో పెట్టి తెచ్చిన పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లన్నీ పోయి వాటి స్థానంలో షార్ట్‌కట్‌లు మాత్రమే కనిపిస్తుంటే, అవి డిలీట్ కాలేదు, దాచబడ్డాయి. పెన్‌డ్రైవ్ ప్రాపర్టీస్‌లో వాడిన జాగా ఎంతో చూస్తే ఇది తెలిసిపోతుంది. ఫైళ్లు కనిపించకపోయినా జాగా మాత్రం నిండుగా చూపిస్తే, ఆ షార్ట్‌కట్‌లను నొక్కకుండా, కమాండ్ ప్రాంప్ట్‌లో ఈ ఆదేశం ఇచ్చి చూడండి (`E:` స్థానంలో మీ పెన్‌డ్రైవ్ అక్షరం పెట్టాలి):

```
attrib -h -s -r /s /d E:\*.*
```

మూడవది, ఆ ఫైలుకు ఇంకెక్కడైనా నకలు ఉందేమో చూడడం. ప్రింటు తీసిన షాపు కంప్యూటర్ డెస్క్‌టాప్ మీద, వాట్సాప్‌లో పంపిన సందేశంలో, ఈమెయిల్ సెంట్ ఫోల్డర్‌లో ముందు చూడండి. ఇది చిన్న మాటగా అనిపించవచ్చు, కానీ నా దగ్గరకు వచ్చినవాటిలో చాలావరకు ఇక్కడే తేలిపోయాయి.

డిలీట్ అయినప్పుడు లోపల జరిగేది

చాలా పెన్‌డ్రైవ్‌లు ఎఫ్‌ఏటీ32 ఫార్మాట్‌లో ఉంటాయి. దీని అమరికను భూముల రికార్డుతో పోల్చవచ్చు. డిస్కు మొత్తం సమానమైన గళ్లుగా విభజించి ఉంటుంది, ఈ గళ్లను క్లస్టర్లు అంటారు. 16 జీబీ పెన్‌డ్రైవ్‌లో విండోస్ మామూలుగా ఒక్కో క్లస్టర్‌ను 8 కేబీ చొప్పున పెడుతుంది, కనుక 40 కేబీ వర్డ్ ఫైలు ఐదు క్లస్టర్లు ఆక్రమిస్తుంది. ఫోల్డర్‌లోని నమోదులో ఫైలు పేరు, పరిమాణం, మొదటి క్లస్టర్ సంఖ్య వంటివి మాత్రమే ఉంటాయి. మొదటి క్లస్టర్ తరువాత ఏది, దాని తరువాత ఏది అన్న గొలుసు వేరే పట్టికలో ఉంటుంది.

ఫైలును తొలగించినప్పుడు విండోస్ ఆ ఐదు క్లస్టర్లలోని సమాచారాన్ని ముట్టుకోదు. నమోదులో పేరు మొదటి అక్షరం స్థానంలో ఒక గుర్తు పెడుతుంది, పట్టికలోని గొలుసును సున్నాలతో చెరిపేస్తుంది. పొడవైన పేరు వేరే నమోదులో ఉంటుంది కనుక చాలాసార్లు పూర్తి పేరు తిరిగి దొరుకుతుంది. గొలుసు మాత్రం దొరకదు. అందుకే రికవరీ ప్రోగ్రాములు మొదటి క్లస్టర్ నుంచి వరుసగా ఐదు క్లస్టర్లు ఆ ఫైలువేనని ఊహించుకుని చదువుతాయి. ఫైలు వరుసగా రాసి ఉంటే ఆ ఊహ ఫలిస్తుంది, ముక్కలుగా ఉంటే ఫలించదు.

ఇంకో చిక్కు ఉంది, దీన్ని రికవరీ చేసేవారు కూడా తరచు గమనించరు. మొదటి క్లస్టర్ సంఖ్యను నమోదు రెండు సగాలుగా దాచుకుంటుంది. ఎఫ్‌ఏటీ32 ఫైలును తొలగించినప్పుడు విండోస్ కింది సగాన్ని మాత్రమే మిగిల్చి, పై సగాన్ని సున్నా చేస్తుంది. కింది సగం 65,535 వరకే లెక్కించగలదు, కనుక 8 కేబీ క్లస్టర్లయితే మొదటి 512 ఎంబీ ప్రాంతంలో ఉన్న ఫైళ్ల చిరునామా మాత్రమే సరిగ్గా మిగులుతుంది. అంతకు అవతల ఉన్న ఫైలు చిరునామా తప్పుగా మారి, డిస్కు మొదట్లో ఎక్కడో ఉన్న మరొక ఫైలు జాగాను చూపిస్తుంది. పేరు సరిగ్గా వచ్చింది, పరిమాణం సరిగ్గా ఉంది, తెరిస్తే మాత్రం ఫైలు పాడైందని వర్డ్ చెబుతున్నదంటే, చాలాసార్లు కారణం ఇదే. అసలు సమాచారం అప్పటికీ డిస్కులో చెక్కుచెదరకుండా ఉండవచ్చు. ఆ దశలోనే చాలామంది ఆశ వదిలేసుకుంటారు, అది తొందరపాటు.

మొదటి అడుగు: పెన్‌డ్రైవ్‌ను ఆపడం

తప్పు జరిగిందని తెలిసిన వెంటనే పెన్‌డ్రైవ్‌ను ఎజెక్ట్ చేసి బయటకు తీయండి. ఆ తరువాత దానిలో ఏదీ సేవ్ చేయకూడదు, రికవరీ ప్రోగ్రామును దానిలోకే దింపుకోకూడదు, దొరికిన ఫైళ్లను తిరిగి దానిలోనే పెట్టకూడదు. ఊరికే తగిలించినా విండోస్ `System Volume Information` అనే ఫోల్డర్ పెట్టి చిన్న చిన్న ఫైళ్లు రాయగలదు, కనుక మాటిమాటికీ తగిలించి చూడడం కూడా మంచిది కాదు. డ్రైవ్‌ను సరిచేయాలా అని విండోస్ అడిగితే ఒప్పుకోవద్దు. ఆ సవరణ ఉన్న ఫైళ్ల అమరికను చక్కదిద్దడానికే గానీ, పోయినవాటిని తేవడానికి కాదు.

రెండవ అడుగు: నకలు తీసుకోవడం

పెన్‌డ్రైవ్ మీద నేరుగా వెతకడం కన్నా, దాని పూర్తి ప్రతిబింబాన్ని ఒక ఫైలుగా తీసుకుని ఆ ఫైలు మీద వెతకడం క్షేమం. అప్పుడు ఎన్ని ప్రయత్నాలు చేసినా అసలుకు నష్టం ఉండదు. లినక్స్ యంత్రం ఉంటే, లేదా ఉబుంటును ఇంకో పెన్‌డ్రైవ్ నుంచి నడిపించగలిగితే, ఈ పని సులభం. ఉబుంటులో `gddrescue` అనే ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేసుకుని ఇలా చేయాలి:

```
lsblk
sudo umount /dev/sdb1
sudo ddrescue -d /dev/sdb pen.img pen.map
```

మొదటి ఆదేశం డిస్కుల జాబితా ఇస్తుంది. 16 జీబీ పెన్‌డ్రైవ్ అందులో 14 జీబీ పైచిలుకుగా కనిపిస్తుంది, ఆ పరిమాణాన్ని బట్టి దాని పేరు `sdb` అవునో కాదో తేల్చుకున్నాకే మిగతా ఆదేశాలు ఇవ్వండి. నకలు పెట్టే డిస్కులో కనీసం పెన్‌డ్రైవ్ మొత్తానికి సరిపడా జాగా ఉండాలి. ఆ డిస్కు కూడా ఎఫ్‌ఏటీ32 అయితే 4 జీబీ దాటిన ఫైలు దానిలో పట్టదు. లినక్స్ అందుబాటులో లేకపోతే ఈ అడుగును వదిలి, పెన్‌డ్రైవ్ మీదే చదవడం మాత్రం చేసే ప్రోగ్రాములతో ముందుకు పోవచ్చు. కాకపోతే తగిలించిన ప్రతిసారీ విండోస్ ఏదో రాసే ప్రమాదం ఉంటుంది.

మూడవ అడుగు: పేర్లతో వెతకడం

టెస్ట్‌డిస్క్ అనే ఉచిత ప్రోగ్రామును పైన తీసుకున్న నకలు మీద నడపండి:

```
testdisk pen.img
```

లాగ్ ఫైలు కావాలా అన్న ప్రశ్న దాటాక డిస్కును ఎంచుకుని, అది సూచించిన పట్టిక రకాన్నే అంగీకరించి, `Advanced` లోకి వెళ్లండి. ఎఫ్‌ఏటీ32 వరుస మీద ఉండి `Undelete` ఎంచుకుంటే తొలగించిన ఫైళ్ల జాబితా వస్తుంది. కావలసిన ఒక్కో ఫైలు మీద `:` నొక్కి గుర్తు పెట్టుకుని, చివర పెద్ద అక్షరం `C` నొక్కాలి. చిన్న `c` నొక్కితే ఉన్న ఒక్క ఫైలు మాత్రమే వస్తుంది. ఎక్కడ దించాలో అడిగినప్పుడు హార్డ్ డిస్కులోని ఫోల్డర్ చూపి మళ్లీ `C` నొక్కండి.

ఈ పద్ధతిలో ఫైలు రకంతో పని లేదు. మన డీటీపీ సెంటర్లలో వాడే పేజ్‌మేకర్ ఫైలైనా, స్కాన్ చేసిన పీడీఎఫ్ అయినా ఒకే తీరుగా వస్తుంది. వచ్చిన ప్రతి ఫైలునూ తెరిచి చూడాలి, పేరును, పరిమాణాన్ని చూసి తృప్తిపడకూడదు. కారణం పైన చెప్పాను.

విండోస్ తప్ప మరొకటి వాడలేనివారికి మైక్రోసాఫ్ట్ సొంత రికవరీ ప్రోగ్రాము ఒకటి ఉంది. విండోస్ 10లో 2004 వెర్షన్ నుంచి ఇది పనిచేస్తుంది, మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఎఫ్‌ఏటీ32, ఎక్స్‌ఫ్యాట్ పెన్‌డ్రైవ్‌లకు దానిని లోతుగా వెతికే పద్ధతిలో నడపాలి:

```
winfr E: C: /extensive /n *.docx
```

దొరికినవి `C:` డ్రైవ్‌లో `Recovery_` తో మొదలయ్యే ఫోల్డర్‌లో చేరతాయి.

నాలుగవ అడుగు: ఆనవాళ్లతో వెతకడం

పేర్లతో వచ్చినవి తెరుచుకోకపోతే, టెస్ట్‌డిస్క్‌తో పాటే వచ్చే ఫోటోరెక్ వైపు వెళ్లాలి. ఇది ఫోల్డర్లను, నమోదులను అసలు పట్టించుకోదు. డిస్కును మొదటి నుంచి చివరి దాకా చదువుతూ, ఫలానా రకం ఫైలు ఇలా మొదలవుతుందన్న ఆనవాలును బట్టి ఫైళ్లను ఏరుతుంది. అందువల్ల సగం చెరిగిన చిరునామా దీనికి అడ్డం కాదు, అయితే పేర్లు మాత్రం రావు.

```
photorec pen.img
```

ముందుగా `File Opt` లో అన్ని రకాలనూ తీసేసి, మీకు కావలసిన రకాన్ని మాత్రమే ఎంచుకోండి; `.docx` వర్డ్ ఫైళ్లు ఆ జాబితాలో `zip` కింద ఉంటాయి. లేకపోతే పాత ఫోటోలు, వెబ్ పేజీల ముక్కలు వేల సంఖ్యలో వచ్చి పడతాయి. మీ ఫైలు రకం ఆ జాబితాలో లేకపోతే ఈ దారి మూసుకుపోయినట్టే. ఆ తరువాత అది అడిగినప్పుడు `Free` ఎంచుకుంటే ఖాళీగా గుర్తించిన జాగాలో మాత్రమే వెతుకుతుంది, డిలీట్ అయినవి ఉండేది అక్కడే. ఫలితాలు `recup_dir.1` వంటి ఫోల్డర్లలో `f1290480.docx` వంటి పేర్లతో వస్తాయి. ఆ సంఖ్య అర్థం లేనిది కాదు, ఫైలు మొదలైన సెక్టర్ సంఖ్య అది. ఒక సెక్టర్ 512 బైట్లు కనుక, 512 ఎంబీ హద్దు సుమారు 10,48,576 దగ్గర పడుతుంది.

ఒక ఉదాహరణ

ఒక జూనియర్ కళాశాల ఆఫీసు గుమస్తా 16 జీబీ పెన్‌డ్రైవ్‌లో ప్రాక్టికల్స్ మార్కుల పట్టికలున్న ఫోల్డర్‌ను, పాతదనుకుని, తొలగించారు. అందులో 38 వర్డ్ ఫైళ్లున్నాయి. అరగంట తరువాత దానిలోకే 90 ఎంబీ పీడీఎఫ్ ఒకటి కాపీ చేశారు, సాయంత్రం పొరపాటు తెలిసింది. టెస్ట్‌డిస్క్‌లో 38 పేర్లూ కనిపించాయి, అన్నిటి పరిమాణాలూ నమ్మదగినట్టే ఉన్నాయి. తెరిచి చూస్తే 11 మాత్రమే సరిగ్గా తెరుచుకున్నాయి.

మిగతా 27 పీడీఎఫ్ కింద పడి చెరిగిపోయాయని మొదట అనుకున్నాను. కానీ 90 ఎంబీలో ఇన్ని చిన్న ఫైళ్లు ఒకేచోట పడి పోవడం వింతగా తోచింది, ఎందుకంటే ఈ ఫైళ్లు నెలల వ్యవధిలో రాసినవి. ఫోటోరెక్ నడిపితే 64 వర్డ్ ఫైళ్లు వచ్చాయి. వాటి సంఖ్యలు చూస్తే చాలావరకు 10,48,576 కన్నా పెద్దవి, అంటే 512 ఎంబీకి అవతల ఉన్నవి. టెస్ట్‌డిస్క్ తెచ్చిన 11 మాత్రం హద్దుకు ఇవతలివి. చిక్కు చెరగడంలో కాదు, చిరునామాలో ఉందని అప్పుడు తేలింది.

పోయినవి 38 అయితే 64 ఎలా వచ్చాయన్నది తరువాతి ప్రశ్న. వర్డ్ ఫైలును సేవ్ చేసేటప్పుడు ఉన్నదాని మీదే రాయదు. కొత్త తాత్కాలిక ఫైలుగా రాసి, దానికి అసలు పేరు పెట్టి, పాతదాన్ని తొలగిస్తుంది. అలా ప్రతి సేవ్‌కూ ఒక పాత ప్రతి పెన్‌డ్రైవ్ ఖాళీ జాగాలో మిగిలిపోవచ్చు. మాకు వచ్చినవాటిలో ఒకే బ్యాచ్ మార్కుల పట్టిక మూడు ప్రతులుగా కనిపించింది, ఒకదానిలో సగం గడులు ఖాళీగా ఉన్నాయి. ఏది చివరిదో తేల్చడానికి, వర్డ్‌లో ఫైలు ప్రాపర్టీస్ తెరిచి చివరిగా సేవ్ చేసిన సమయాన్ని చూశాము. ఆ సమయం ఫైలు లోపలే ఉంటుంది కనుక రికవరీ వల్ల మారదు. అలా 25 సరైన ప్రతులు దొరికాయి. రెండు ఫైళ్లు మాత్రం ఎక్కడా కనిపించలేదు, వాటి చోటు పీడీఎఫ్ తీసుకుందని అనుకోవాలి. వాటిని కాగితం రిజిస్టరు చూసి మళ్లీ టైపు చేశారు.

ఫోటోల విషయంలో సంకేతాలు వేరు. ఫోటో పై సగం బాగుండి కింది సగం బూడిద రంగులోనో, వేరే ఫోటో ముక్కతోనో వస్తే, ఫైలు ముక్కలుగా ఉండి రెండో ముక్క దొరకలేదని అర్థం. పెద్ద వీడియోలకు ఇది మరీ ఎక్కువ, వాటి మీద పెద్దగా ఆశ పెట్టుకోకూడదు.

నెట్‌వర్క్ షేర్ అయితే

ఇక్కడ పైన చెప్పిన ప్రోగ్రాములేవీ మీ కంప్యూటర్ నుంచి పనిచేయవు. షేర్డ్ ఫోల్డర్‌లో డిలీట్ నొక్కినప్పుడు మీ యంత్రం సర్వర్‌కు ఒక అభ్యర్థన పంపుతుంది, సర్వర్ తన డిస్కులో ఫైలును తొలగిస్తుంది. రీసైకిల్ బిన్ అనేది ఎక్స్‌ప్లోరర్ చేసే ఏర్పాటు, ఫైల్ సిస్టమ్ చేసేది కాదు. అందుకే సర్వర్ ముందు కూర్చుని దాని బిన్ తెరిచినా ఆ ఫైలు ఉండదు.

మీరు చేయవలసిన మొదటి పని, ఫైలు పేరు, ఫోల్డర్ దారి, తొలగించిన సమయం రాసి సర్వర్ చూసేవారికి వెంటనే చెప్పడం. ఈలోగా మీరే ఒకటి చూడవచ్చు. ఫైలు ఉన్న ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి `Properties` లో `Previous Versions` తెరవండి. సర్వర్‌లో షాడో కాపీలు ఆన్ చేసి ఉంటే తేదీలవారీగా పాత ప్రతులు కనిపిస్తాయి. కావలసిన తేదీని `Open` తో తెరిచి, అందులోంచి మీ ఫైలును మాత్రమే బయటకు కాపీ చేసుకోండి. `Restore` నొక్కవద్దు. అది ఫోల్డర్ మొత్తాన్ని ఆ తేదీకి తీసుకుపోతుంది, మీ సహోద్యోగులు ఆ తరువాత చేసిన మార్పుల మీద పాతవి వచ్చి పడతాయి.

విండోస్ సర్వర్‌లో షాడో కాపీలను మార్చకుండా ఆన్ చేస్తే, సోమవారం నుంచి శుక్రవారం వరకు ఉదయం 7 గంటలకు, మధ్యాహ్నం 12 గంటలకు ఒక్కో ప్రతి తీస్తుంది. మధ్యాహ్నం 2 గంటలకు తయారుచేసి 4 గంటలకు తొలగించిన ఫైలు ఏ ప్రతిలోనూ ఉండదు. శనివారం పనిచేసే మన ఆఫీసుల్లో ఆ రోజు పని అంతా సోమవారం ఉదయం దాకా రక్షణ లేకుండా ఉంటుంది, కనుక ఆ వేళలను మార్పించుకోవాలి. ఒక డ్రైవ్‌కు 64 ప్రతులే ఉంటాయి, ఆ తరువాత పాతవి పోతాయి.

సర్వర్‌కు బదులు నాస్ అనే నెట్‌వర్క్ డిస్కు పెట్టె ఉంటే, సినాలజీలో `#recycle`, క్యూన్యాప్‌లో `@Recycle` అనే ఫోల్డర్ షేర్ లోపలే ఉండవచ్చు. అది ఆన్ చేసి ఉండాలి, కొన్నిచోట్ల అడ్మిన్‌కు మాత్రమే తెరుచుకుంటుంది. పక్క టేబుల్ మీది మామూలు కంప్యూటర్ తన ఫోల్డర్‌ను షేర్ చేసి ఉంటే, రికవరీ ప్రోగ్రామును ఆ కంప్యూటర్ మీదే నడపాలి. దానిలో ఎస్‌ఎస్‌డీ ఉంటే, తొలగించిన జాగాను ఎస్‌ఎస్‌డీ తానే త్వరలో ఖాళీ చేసేస్తుంది కనుక అవకాశం చాలా తక్కువ. లినక్స్ సర్వర్‌లో ఎక్కువగా వాడే ఈఎక్స్‌టీ4 కూడా డిలీట్‌తో పాటే ఫైలు ఎక్కడుందన్న చిరునామాను చెరిపేస్తుంది. అలాంటి చోట బ్యాకప్ ఒక్కటే దారి.

లినక్స్ మీద సాంబాతో షేర్ నడిపేవారు బిన్‌ను తామే కట్టుకోవచ్చు. `smb.conf` లో ఆ షేర్ కింద ఇవి చేర్చాలి:

```
vfs objects = recycle
recycle:repository = .recycle/%U
recycle:keeptree = yes
recycle:versions = yes
recycle:directory_mode = 0777
recycle:subdir_mode = 0700
recycle:touch = yes
```

ఇకపై ఎవరు తొలగించినా ఫైలు వారి పేరున్న ఫోల్డర్‌లోకి, పాత దారి చెడకుండా చేరుతుంది. ఒకే పేరుతో రెండు ఫైళ్లు వస్తే రెండూ ఉంటాయి. చివరి వరుస, తొలగించిన సమయాన్ని ఫైలు మీద గుర్తు వేస్తుంది. సాంబా ఈ ఫోల్డర్‌ను ఎన్నటికీ తానుగా ఖాళీ చేయదు, అలాగే వదిలేస్తే డిస్కు నిండి షేర్ మొత్తం ఆగిపోతుంది. అందుకని 30 రోజులు దాటినవాటిని తీసేసే ఆదేశాన్ని రోజుకొకసారి నడిచేలా క్రాన్‌లో పెట్టాలి (`/srv/office` స్థానంలో మీ షేర్ దారి ఉండాలి):

```
find /srv/office/.recycle -type f -atime +30 -delete
```

ఏర్పాటు పూర్తయ్యాక ఒక విండోస్ యంత్రం నుంచి పనికిరాని ఫైలు ఒకటి తొలగించి, సర్వర్‌లోని `.recycle` ఫోల్డర్‌లో అది చేరిందో లేదో చూడండి. చేరకపోతే, ముందుగా చూడవలసింది ఆ షేర్‌కు `vfs objects` వరుస రెండుసార్లు రాసి ఉందేమో అన్నది. అలా ఉంటే చివరి వరుసే అమలవుతుంది, కనుక మాడ్యూళ్ల పేర్లన్నీ ఒకే వరుసలో పక్కపక్కన రాయాలి.